పుట్ అమ్మి పక్కన పెట్టిన నగదు: వడ్డీ ఎటు పోతోంది, షేరే కొనుక్కుంటే ఏమయ్యేది? తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో ఆదాయపు పన్ను లెక్కలు రాయించుకోవడానికి వచ్చేవారిలో పుట్ ఆప్షన్లు అమ్మేవారు ఇప్పుడు బాగా కనిపిస్తున్నారు. పదవీ విరమణ డబ్బు చేతికొచ్చిన ఉద్యోగులు, చిత్తూరు, దామలచెరువు వైపు నుంచి వచ్చే మామిడి వ్యాపారులు, కొంత మంది కళాశాల అధ్యాపకులు. వాళ్ల లెక్కల్లో ప్రీమియం ఎంత వచ్చిందో ప్రతి నెలా స్పష్టంగా ఉంటుంది. దానికి హామీగా ఉంచిన లక్షల రూపాయలు ఆ నెలంతా ఏం సంపాదించాయన్న వరుస మాత్రం ఉండదు. వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. లెక్క అంతటా ఒకే ఉదాహరణను వాడాను. అందులోని ధరలు ఊహించుకున్నవే, ఏ కంపెనీవీ కావు.

పూర్తి నగదు హామీతో పుట్ అమ్మడం అంటే ఏమిటి?

ఒక షేరును ఫలానా తేదీన ఫలానా ధరకు కొంటానని మాట ఇచ్చి, ఆ మాటకు ముందుగానే రుసుము తీసుకోవడం. ఆ ధర స్ట్రైక్ ధర, ఆ రుసుము ప్రీమియం. మామిడి వ్యాపారి ఒకరు రైతుతో "జూన్ నెలాఖరుకు టన్ను ఇంత ధరకు నీ కాయ నేను కొంటాను, బయట ఎక్కువ పలికితే బయటే అమ్ముకో" అని ఒప్పుకుని, ఆ భరోసాకు రైతు దగ్గర కొంత తీసుకున్నట్టే. ధర పడిపోతే రైతు ఈయన దగ్గరకే వస్తాడు. అప్పుడు కొనడానికి సరిపడా డబ్బు ఈయన దగ్గర ఉండాలి.

మన ఉదాహరణలో షేరు ధర 500 రూపాయలు, లాటుకు 1,000 షేర్లు. నెల రోజుల గడువున్న 500 స్ట్రైక్ పుట్ ధర 11.50 రూపాయలు. ఒక లాటు అమ్మితే 11,500 రూపాయలు వస్తాయి. గడువు రోజున షేరు 500 కంటే కింద ముగిస్తే 5,00,000 రూపాయలు చెల్లించి 1,000 షేర్లు తీసుకోవాలి. మన దేశంలో 2019 అక్టోబరు నుంచి కంపెనీ షేర్ల ఆప్షన్లన్నీ డెలివరీతోనే ముగుస్తున్నాయి, తేడా సొమ్ము చెల్లించి తప్పుకోవడం కుదరదు. కాబట్టి ఆ 5,00,000 నిజంగానే ఉండాలి. ఈ పేజీ అంతా ఆ డబ్బు గురించే.

ఆ అయిదు లక్షలు బ్రోకర్ ఖాతాలో ఉంచితే వడ్డీ వస్తుందా?

సాధారణంగా రాదు. ట్రేడింగ్ ఖాతాలోని నగదు బ్యాంకు పొదుపు ఖాతాలో ఉన్నట్టు కాదు. 2023లో వచ్చిన సెబీ నిబంధన ప్రకారం ఖాతాదారుల సొమ్మును బ్రోకర్లు లావాదేవీలకు హామీగా నిలిచే క్లియరింగ్ కార్పొరేషన్‌కు పంపాలి. నగదుగానో, ఫిక్స్‌డ్ డిపాజిట్ రూపంలోనో, ఓవర్‌నైట్ ఫండ్ యూనిట్లుగానో పంపవచ్చు. అంటే డబ్బు ఎక్కడో ఒకచోట సంపాదిస్తూ ఉండవచ్చు, కానీ ఆ సంపాదన మామూలుగా మీ ఖాతాలో జమ కాదు.

వాడని సొమ్మును మీరు ఎంచుకున్న పద్ధతిని బట్టి నెలకోసారి గానీ మూడు నెలలకోసారి గానీ బ్రోకర్ మీ బ్యాంకు ఖాతాకు తిప్పి పంపుతారు. ఉన్నట్టుండి డబ్బు బ్యాంకులో పడిందని కొందరు కంగారు పడుతుంటారు. అది నిబంధన ప్రకారం జరిగేదే. అమ్మిన పుట్‌కు హామీగా, అంటే మార్జిన్ కింద పట్టి ఉంచిన సొమ్ముకు ఇది వర్తించదు.

ప్రీమియం నెలకు 11,500 వస్తోంది. అయిదు లక్షలపై ఏడాదికి ఆరు శాతం చొప్పున వచ్చే రెండున్నర వేల వడ్డీ గురించి అంతగా పట్టించుకోవాలా?

పట్టించుకోవాలి. ఈ పేజీ రాయడానికి అసలు కారణం ఈ ప్రశ్నే. చాలామంది వడ్డీని ప్రీమియానికి అదనంగా దొరికే చిల్లరగా చూస్తారు. నిజానికి మీకు వడ్డీ వస్తుందని ముందే లెక్కకట్టి, ఆ మేరకు ప్రీమియాన్ని తగ్గించి ఇస్తుంది మార్కెట్. వడ్డీ తీసుకోకపోతే మీ కూలిలో కొంత భాగాన్ని వదిలేసినట్టే.

ఇది ఎలా జరుగుతుందో చూద్దాం. అదే షేరుకు, అదే గడువుకు, అదే 500 స్ట్రైక్‌కు కాల్ ఆప్షన్, అంటే ఆ ధరకు షేరు కొనే హక్కు, ధర 14 రూపాయలు అనుకుందాం. ఇప్పుడు ఒక సంస్థ మూడు పనులు కలిపి చేస్తుంది: 500 పెట్టి షేరు కొంటుంది, 11.50 పెట్టి పుట్ కొంటుంది, కాల్ అమ్మి 14 తీసుకుంటుంది. చేతి నుంచి పోయింది 497.50. గడువు రోజున షేరు పెరిగితే కాల్ కొన్నవాళ్లు 500 ఇచ్చి తీసుకుపోతారు. తగ్గితే పుట్ ద్వారా 500కు అమ్మేస్తుంది. ఏ దారిలోనైనా వచ్చేది 500. నెలకు 497.50 మీద 2.50 అంటే సుమారు అర శాతం, ఏడాదికి ఆరు శాతం. ఎటువంటి ధర భయమూ లేని రాబడి కనుక అది మార్కెట్‌లో నెల రోజుల అప్పుకు నడిచే వడ్డీకి దగ్గరగానే ఉండాలి. ఎక్కువగా ఉంటే పెద్ద సంస్థలు ఎగబడి ఈ మూడు పనులూ చేసి దాన్ని తగ్గించేస్తాయి.

అందుకే షేరు ధరకు సమానమైన స్ట్రైక్‌కు పుట్ కంటే కాల్ ఖరీదు ఎక్కువ. ఇక్కడ ఆ తేడా 2.50. స్ట్రైక్ ధరపై ఒక నెల వడ్డీ కూడా దాదాపు అంతే.

ఇప్పుడు ఇద్దరిని పక్కపక్కన నిలబెట్టండి. ఒకరు షేర్లు కొని వాటిపై కాల్ అమ్మారు. దీన్ని కవర్డ్ కాల్ అంటారు. 5,00,000 పెట్టి, 14,000 వెనక్కి తీసుకున్నారు కాబట్టి చేతి డబ్బు 4,86,000. రెండో వ్యక్తి దగ్గరా 4,86,000 ఉంది. ఆయన పుట్ అమ్మి 11,500 కలుపుకున్నారు, మొత్తం 4,97,500. దాన్ని ఆరు శాతం వడ్డీ వచ్చే చోట పెడితే నెల చివరికి దాదాపు 5,00,000 అవుతుంది. షేరు ధర ఎటు పోయినా ఇద్దరి చేతిలో మిగిలేది ఒక్కటే: 500 పైన ముగిస్తే ఇద్దరి దగ్గరా 5,00,000, కింద ముగిస్తే ఇద్దరి దగ్గరా 1,000 షేర్లు.

అంటే రెండూ ఒకే వ్యాపారం, వేషం మాత్రమే వేరు. రెండో వ్యక్తి 4,97,500ను బ్రోకర్ ఖాతాలో ఊరికే ఉంచితే మాత్రం మొదటి వ్యక్తి కంటే నెలకు సుమారు 2,500 వెనకబడతారు. భరించే నష్టభయం సమానమే. రావలసిన 14,000లో ఆరో వంతుకు పైగా పోయింది. ప్రతి నెలా ఇదే జరిగితే ఏడాదికి దాదాపు 30,000.

పుట్ అమ్మితే దీర్ఘకాలంలో మంచి రాబడి వచ్చిందని చూపే అమెరికా సూచీ లెక్కలు ఉన్నాయి కదా?

ఉన్నాయి. ఎక్కువగా ఉదహరించేది చికాగో ఆప్షన్ల ఎక్స్ఛేంజ్ తయారుచేసిన పుట్‌రైట్ సూచీ. అది ఎస్ అండ్ పి 500 సూచీపై ప్రతి నెలా పుట్ అమ్మినట్టు లెక్కగడుతుంది. కానీ హామీ సొమ్ము ఒక నెల, మూడు నెలల ప్రభుత్వ ట్రెజరీ బిల్లుల్లో ఉన్నట్టే ఆ లెక్క. వాటి వడ్డీ సూచీ రాబడిలో భాగం. సొమ్మును సున్నా వడ్డీకి ఉంచి ఆ సూచీ రాబడి తనకూ వస్తుందనుకుంటే లెక్క తప్పుతుంది.

మా స్క్రీన్ మీద ప్రీమియంలో వడ్డీ ఎంత మినహాయించారో ఎలా చూడాలి?

అన్ని స్ట్రైక్‌ల కాల్, పుట్ ధరలు చూపే పట్టిక అయిన ఆప్షన్ చెయిన్‌లో ప్రస్తుత ధరకు దగ్గరి స్ట్రైక్ తీసుకోండి. కాల్ ధర నుంచి పుట్ ధర తీసేయండి. షేరు ధర నుంచి స్ట్రైక్ తీసేయండి. మొదటి తేడా రెండో తేడా కంటే ఎంత ఎక్కువుందో అదే ఒక షేరుకు వడ్డీ భాగం. స్ట్రైక్‌తో భాగించి, మిగిలిన రోజులను బట్టి ఏడాదికి మార్చుకోండి. చివరిసారి ఎప్పుడో జరిగిన లావాదేవీ ధర తీసుకుంటే జవాబు అర్థం లేకుండా వస్తుంది. ఆ క్షణంలో కొనేవాళ్ల, అమ్మేవాళ్ల ధరల మధ్యస్థం తీసుకోండి.

ఇంకా సులువైన దారి ఫ్యూచర్ ధర, అంటే గడువు రోజున షేరు ఇచ్చిపుచ్చుకోవడానికి ఇప్పుడే కుదుర్చుకునే ధర. షేరు 500, నెల ఫ్యూచర్ 502.50 అయితే అదే అర శాతం కనిపిస్తుంది.

ఈ తేడా ఎప్పుడూ వడ్డీకి సరిగ్గా సమానంగా ఉండదు. గడువులోపు డివిడెండ్ ఉంటే ఆ మేరకు తగ్గుతుంది. షేరు పడుతుందన్న భయం ఎక్కువగా ఉన్నప్పుడు కూడా తగ్గుతుంది, ఒక్కోసారి ఫ్యూచర్ అసలు ధర కంటే కిందకు పోతుంది. మన దగ్గర షేర్లు అరువు తెచ్చి అమ్మే మార్కెట్ చాలా పలచన. అందుకే ఈ తేడాను వెంటనే సరిచేసేవాళ్లు తక్కువ. అటువంటి సమయంలో పుట్ ప్రీమియం లెక్క కంటే కాస్త ఎక్కువగా ఉంటుంది. ఫ్యూచర్ అసలు ధర కంటే తక్కువలో ఉండి, డివిడెండ్ కూడా లేకపోతే, కవర్డ్ కాల్ కంటే పుట్ అమ్మడమే మేలు. ఫ్యూచర్ బాగా పైన ఉంటే దానికి విరుద్ధం. పుట్ అమ్మే ముందు నేను చూడమని చెప్పే మొదటి అంకె ఇదే.

సరే, షేరే నేరుగా కొనుక్కుంటే? రెండింటినీ ఎలా పోల్చాలి?

ఇద్దరి దగ్గరా 5,00,000 ఉందనుకుందాం. ఒకరు 500 చొప్పున 1,000 షేర్లు కొన్నారు. మరొకరు 500 స్ట్రైక్ పుట్ అమ్మి, సొమ్మును ఆరు శాతం వచ్చే చోట ఉంచారు. ఆయనకు 11,500 ప్రీమియం, 2,500 వడ్డీ, మొత్తం 14,000 ఖాయం. ప్రీమియంపై వచ్చే కొద్దిపాటి వడ్డీని, ఖర్చులను వదిలేద్దాం.

నెల చివర షేరు 500 దగ్గరే ఉంటే కొన్నవారికి ఏమీ రాలేదు, అమ్మినవారికి 14,000. షేరు 480కి దిగితే కొన్నవారికి 20,000 నష్టం, అమ్మినవారికి 6,000 నష్టం. 430కి దిగితే కొన్నవారికి 70,000, అమ్మినవారికి 56,000 నష్టం. ఇక్కడ ఒక్క క్షణం ఆగి చూడండి. పెద్ద పతనంలో ఇద్దరూ దాదాపు ఒకే గుంటలో ఉన్నారు. 14,000 తేడా ఆ గుంటను కొంచెం లోతు తగ్గించిందంతే. "పుట్ అమ్మడం షేరు కొనడం కంటే క్షేమం" అన్న మాట ఇంతవరకే నిజం.

షేరు 560కి వెళితే కొన్నవారికి 60,000 లాభం. అమ్మినవారికి అదే 14,000. ఇక్కడ వదులుకున్నది 46,000.

ఇద్దరూ సమానమయ్యే ధర 514. నెలకు 2.8 శాతం కంటే ఎక్కువ పెరిగితే షేరు కొన్నవారిది పైచేయి. సొమ్ము ఊరికే ఉంటే ఆ గీత 511.50కి దిగుతుంది, అంటే అమ్మినవారు ఓడిపోయే పరిధి పెరుగుతుంది. కింది వైపు కూడా అంతే: వడ్డీ తీసుకుంటే 486 వరకు నష్టం లేదు, తీసుకోకపోతే 488.50 దగ్గరే నష్టం మొదలవుతుంది. వడ్డీ మొత్తం చిన్నదిగా కనిపించినా రెండు గీతలనూ అదే జరుపుతోంది.

అవకాశ వ్యయం అంటే ఆ 46,000 ఒక్కటేనా?

కాదు. దాని తర్వాతి నెల ఇంకా కష్టం, దాని గురించి ఎవరూ ముందుగా చెప్పరు.

షేరు 560కి చేరింది. పుట్ అమ్మినవారి దగ్గర ఇప్పుడు 5,14,000 ఉంది. ఆయన మళ్లీ ప్రస్తుత ధర దగ్గరే, 560 స్ట్రైక్ పుట్ అమ్మాలంటే హామీ 5,60,000 కావాలి. 46,000 తక్కువ. లాటు 1,000 షేర్లు కనుక అందులో సగమో ముప్పావో అమ్మడం కుదరదు. ఇక ఆయన ముందు మూడు దారులు: బయటి నుంచి డబ్బు తేవాలి, పూర్తి హామీ అన్న నియమాన్ని వదలాలి, లేదా 510 స్ట్రైక్‌కు దిగాలి. షేరు 560లో ఉండగా 510 పుట్ ప్రీమియం చాలా తక్కువ. ఆ షేరు తిరిగి అంత కిందికి వచ్చే అవకాశమూ తక్కువ.

షేరు కొన్నవారికి ఈ సమస్యే లేదు. ఆయన దగ్గర 1,000 షేర్లు అలాగే ఉన్నాయి. పైగా ఆయన 100 షేర్లతో కూడా మొదలుపెట్టగలిగేవారు. పుట్ అమ్మేవారికి లాటే కనీస పరిమాణం. మన మార్కెట్‌లో ఒక్కో లాటు విలువ లక్షల్లోనే ఉంటుంది కాబట్టి, ఉన్న డబ్బంతా ఒకే కంపెనీపై పెట్టాల్సిన పరిస్థితి చాలామందికి వస్తుంది. పది లక్షలున్న వ్యక్తి షేర్లయితే పదిహేను కంపెనీలవి కొనవచ్చు. పూర్తి హామీతో పుట్ అమ్మితే ఒకటి, మహా అయితే రెండు. ఇది వడ్డీ నష్టం కంటే పెద్ద విషయం అని నా అభిప్రాయం.

పెరుగుదల చాలా షేర్లలో నెలనెలా సమానంగా రాదు. కొన్ని నెలల్లోనే ముద్దగా వస్తుంది. ఆ నెలల్లో 2.8 శాతం దగ్గర ఆగిపోయినవారు, పడిపోయే నెలల్లో దాదాపు మొత్తం నష్టాన్ని భరిస్తారు. మంచి కంపెనీ అని నమ్మి పదేళ్లు ఉంచుకోదలచిన షేరును పుట్ ద్వారా "చవకగా" సంపాదించాలనుకునేవారికి నేను ఈ కారణంగానే నేరుగా కొనుక్కోమని చెబుతాను.

షేరును 480కి కొనాలని ఉంది. 480 పుట్ అమ్మాలా, 480కి కొనుగోలు ఆర్డర్ పెట్టి ఎదురుచూడాలా?

రెండూ ఒకటి కావు. ఎన్‌ఎస్‌ఈలో కంపెనీ షేర్ల ఆప్షన్లు 2011 నుంచి యూరోపియన్ పద్ధతిలో ఉన్నాయి. అంటే పుట్ కొన్నవారు గడువు రోజునే తమ హక్కును వాడుకోగలరు, మధ్యలో కాదు. నెల మధ్యలో షేరు 470కి పడి, గడువు రోజుకు 505కి తిరిగి వస్తే మీకు షేర్లు రావు, ప్రీమియం మాత్రమే మిగులుతుంది. కొనుగోలు ఆర్డర్ పెట్టినవారికి 480కే షేర్లు వచ్చి, అప్పటికే ఒక్కో షేరుకు 25 రూపాయల లాభం కనిపిస్తూ ఉంటుంది.

ఇంకో తేడా ఉంది. కంపెనీ గురించి చెడు వార్త వస్తే ఆర్డర్‌ను ఆ నిమిషంలో రద్దు చేసుకోవచ్చు. అమ్మిన పుట్ నుంచి బయటపడాలంటే దాన్ని పెరిగిన ధరకు తిరిగి కొనాలి. ప్రీమియం అనేది ఈ వెసులుబాటును వదులుకున్నందుకు ఇచ్చే సొమ్ము కూడా. 

అయితే హామీ సొమ్మును ఎక్కడ ఉంచాలి?

ముందుగా తెలుసుకోవలసింది, 5,00,000 మొత్తాన్నీ బ్రోకర్ అడగరు. ఎక్స్ఛేంజ్ అడిగే మార్జిన్ షేరును బట్టి, మార్కెట్ ఊగిసలాటను బట్టి మారుతుంది. మన ఉదాహరణకు అయిదో వంతు, అంటే 1,00,000 అనుకుందాం. మిగతా 4,00,000 ఎక్కడున్నా బ్రోకర్‌కు పట్టదు. ఆ క్రమశిక్షణ మీది.

అన్నిటికంటే సరళమైన ఏర్పాటు ఇది: 1,00,000కు పైన కొంత వెసులుబాటు కలిపి బ్రోకర్ ఖాతాలో నగదుగా ఉంచండి, మిగిలినది మీ పేరున చాలా తక్కువ గడువు అప్పుపత్రాల్లో డబ్బు పెట్టే లిక్విడ్ ఫండ్‌లోనో ఓవర్‌నైట్ ఫండ్‌లోనో ఉంచండి. నాలుగు లక్షలపై ఆరు శాతం చొప్పున నెలకు 2,000 వస్తుంది. పోయేది 500 మాత్రమే. ఏ కాగితాల గొడవా లేకుండా వడ్డీలో అయిదింట నాలుగు వంతులు చేతికి వచ్చేసింది. ఒక లాటు అమ్మేవారికి ఇది చాలు.

ఆ చివరి 500 కూడా కావాలంటే లిక్విడ్ ఫండ్ యూనిట్లను లేదా లిక్విడ్ ఈటీఎఫ్‌ను డీమ్యాట్‌లో ఉంచి బ్రోకర్‌కు ప్లెడ్జ్ చేయాలి, అంటే తాకట్టు పెట్టాలి. 2020 సెప్టెంబరు నుంచి ప్లెడ్జ్ చేసిన యూనిట్లు మీ డీమ్యాట్ ఖాతాలోనే ఉంటాయి, ఫోనుకు వచ్చే ఓటీపీతో మీరే అనుమతించాలి. విలువలో కొంత హెయిర్‌కట్ కింద తగ్గించి మార్జిన్ ఇస్తారు. అది పది శాతమైతే లక్ష మార్జిన్ కోసం 1,11,000కు పైగా ప్లెడ్జ్ చేయాలి. రాత్రి దాటి ఉంచే ఆప్షన్ అమ్మకాలకు మార్జిన్‌లో కనీసం సగం నగదుగానో నగదుతో సమానమైనదిగానో ఉండాలి. మీరు ఎంచుకున్న ఫండ్‌ను నగదుతో సమానంగా లెక్కిస్తారో లేదో ప్లెడ్జ్ చేసే ముందే బ్రోకర్ జాబితాలో చూసుకోండి. లెక్కించకపోతే, తక్కువైన సగానికి బ్రోకర్ వేసే వడ్డీ మీ ఫండ్ సంపాదించే దానికంటే చాలా ఎక్కువగా ఉంటుంది.

బ్యాంకు పొదుపు ఖాతాలో నాలుగు లక్షలు ఉంచేవారికీ ఒక లెక్క చెబుతాను. రెండున్నర శాతం చొప్పున నెలకు సుమారు 830 రూపాయలు. లిక్విడ్ ఫండ్‌తో తేడా నెలకు 1,170. ఫిక్స్‌డ్ డిపాజిట్ అయితే గడువుకు ముందే తీస్తే వడ్డీ తగ్గిస్తారు, అది ఆప్షన్ గడువుతో కలిసి ముగిసేలా చూసుకోవాలి.

మిగతా నాలుగు లక్షలు ఖాళీగానే ఉన్నాయి కదా, వాటితో మరో లాటు అమ్మకూడదా?

అమ్మితే అది పూర్తి నగదు హామీ కాదు, అప్పు మీద వ్యాపారం. లక్ష మార్జిన్ మీద 11,500 వచ్చిందని నెలకు పదకొండున్నర శాతంగా చెప్పుకునే లెక్క నేను చాలాసార్లు చూశాను. మాట ఇచ్చింది 5,00,000కు. రాబడిని దాని మీదే లెక్కించాలి: 2.3 శాతం, వడ్డీతో కలిపితే 2.8. నాలుగు లాట్లు అమ్మి, షేరు 430కి పడిన నెలలో నష్టం 56,000 కాదు, దానికి దాదాపు నాలుగింతలు. డెలివరీకి కావలసింది ఇరవై లక్షలు.

గడువు వారంలో సొమ్మును ఎప్పుడు వెనక్కి తెచ్చుకోవాలి?

వడ్డీ కోసం జాగ్రత్తపడినవారు కూడా చిక్కుల్లో పడేది ఇక్కడే. డెలివరీ అవకాశం ఉన్న స్థానాలపై గడువుకు ముందు రోజుల్లో మార్జిన్ పెరుగుతుంది. కొందరు బ్రోకర్లు పూర్తి విలువ అడుగుతారు, సర్దలేకపోతే వాళ్లే స్థానాన్ని మూసేస్తారు. అదీ సాధారణంగా చెడ్డ ధరకు.

లిక్విడ్ ఫండ్ నుంచి అమ్మిన సొమ్ము మరుసటి పని దినాన బ్యాంకులో పడుతుంది. వెంటనే ఇచ్చే సౌకర్యం ఉన్నా, రోజుకు ఒక పథకంలో 50,000 లేదా ఉన్న విలువలో 90 శాతం, ఏది తక్కువైతే అంతవరకే. ప్లెడ్జ్ చేసిన యూనిట్లయితే ముందు వాటిని విడిపించాలి, దానికి మరో రోజు అనుకోండి. మధ్యలో సెలవు వస్తే ఇంకా ఆలస్యం. కొనుగోలు చేసిన ఏడు రోజుల్లోపు తీస్తే లిక్విడ్ ఫండ్‌లో స్వల్ప రుసుము కూడా ఉంది, ఓవర్‌నైట్ ఫండ్‌లో లేదు.

అందుకని షేరు స్ట్రైక్‌కు దగ్గరలో గానీ కింద గానీ ఉంటే, గడువుకు నాలుగు పని దినాల ముందే సొమ్ము తీయమని చెబుతాను. నాలుగు లక్షలపై నాలుగు రోజుల వడ్డీ సుమారు 260 రూపాయలు. అది వదులుకోదగ్గ మొత్తమే. షేరు స్ట్రైక్ కంటే చాలా పైన ఉంటే తొందర అవసరం లేదు.

స్ట్రైక్ 500, గడువు రోజు మూడు గంటలకు షేరు 499, 501 మధ్య ఊగుతూ ఉంటే ఏమవుతుందో ఎవరూ చెప్పలేరు. షేర్లు వద్దనుకుంటే ఆ ఉదయమే పుట్‌ను తిరిగి కొనేయాలి.

డివిడెండ్ సంగతి ఏమిటి?

పుట్ అమ్మినవారికి రాదు. మామూలు డివిడెండ్‌కు స్ట్రైక్ ధరను సవరించరు. డివిడెండ్ వస్తుందని ముందే తెలిస్తే పుట్ ప్రీమియం ఆ మేరకు ఎక్కువగానే ఉంటుంది కాబట్టి పూర్తిగా నష్టపోయినట్టు కాదు. అనుకోకుండా ప్రకటించిన డివిడెండ్ మాత్రం షేరు ఉన్నవారిదే.

పన్ను తర్వాత ఈ పోలిక మారుతుందా?

మారుతుంది, చాలామందికి షేరు వైపే మొగ్గుతుంది. ఆప్షన్ల ఆదాయం వ్యాపార ఆదాయం. స్లాబు ప్రకారం ఆ ఏడాదే పన్ను. జీతం ఉన్నవారు కూడా వ్యాపార ఆదాయం చూపే రిటర్న్ వేయాలి. లిక్విడ్ ఫండ్ లాభం, బ్యాంకు వడ్డీ కూడా స్లాబులోకే వస్తాయి. షేరు నేరుగా కొన్నవారు అమ్మే వరకు పెరుగుదలపై పన్ను లేదు. ఏడాది దాటాక అమ్మితే 1,25,000 దాటిన లాభంపై 12.5 శాతం, ఏడాదిలోపు అయితే 20 శాతం. 2024 జులై 23 నుంచి ఇవే రేట్లు.

ముప్పై శాతం స్లాబులో ఉన్నవారికి మన 14,000లో 9,800 మిగులుతుంది, సెస్సు కాకుండా. 60,000 పెరిగిన షేరు ఉంచుకున్నవారికి ఆ నెల పన్ను సున్నా. ఇతర ఆదాయం పెద్దగా లేని పదవీ విరమణ పొందినవారికి ఈ తేడా అంతగా ఉండదు.

మాది మామిడి వ్యాపారం. ఆగస్టు నుంచి జనవరి వరకు డబ్బు ఖాళీగా ఉంటుంది. ఈ పద్ధతి మాకు సరిపోతుందా?

దామలచెరువు నుంచి వచ్చిన ఒకరు అడిగిన ప్రశ్న ఇది. తోతాపురి కాయ లావాదేవీలు జులైతో ముగిసి, గుజ్జు కర్మాగారాల నుంచి డబ్బు వచ్చాక, మళ్లీ పూత చూసి తోటలకు బయానాలు ఇచ్చేవరకు ఆయన సొమ్ముకు పని లేదు. ఆయన ఆలోచన ఆ అయిదారు నెలలూ పుట్లు అమ్ముకోవచ్చని.

ఆయనకు లిక్విడ్ ఫండ్ చాలని చెప్పాను. అయిదు లక్షలపై ఆరు నెలలకు దాదాపు 15,000, అసలుకు దాదాపు భయం లేదు. పుట్లు అమ్మితే ఇంతకు ఎన్నో రెట్లు రావచ్చు, కానీ డిసెంబరు గడువులో షేరు 430కి పడితే జనవరిలో ఆయన దగ్గర ఉండేది 1,000 షేర్లు, డబ్బు కాదు. బయానాల కోసం వాటిని నష్టానికి అమ్మాలి, లేదా తోట వదులుకోవాలి. ఖర్చు తేదీ ముందే తెలిసిన డబ్బుకు షేరూ పనికిరాదు, పుట్టూ పనికిరాదు. షేర్లు వస్తే రెండు మూడేళ్లు ఉంచుకోగలిగిన సొమ్ము వేరుగా ఉంటే, దానితో ఒక లాటు అమ్మవచ్చు. ఆయన అటువంటిది తన భార్య పేరున కొంత ఉందన్నారు, కానీ ఒక లాటుకు సరిపోదు. దానితో షేర్లే కొద్దికొద్దిగా కొనమన్నాను.